చీరల రీల్స్‌కి పంచాంగం చూసి ప్లాన్
మా చీరల షాపు రీల్స్‌ని పరీక్షలు, పండగలు, సేల్స్ బట్టి ఎలా ప్లాన్ చేసుకోవాలి?

పండగ రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టండి. వరలక్ష్మీ వ్రతానికి కొన్న చీరకు బ్లౌజు కుట్టించాలి, అప్పుడు టైలర్ల దగ్గర రద్దీ. అందుకే పట్టుచీరల వీడియోలు నెల ముందే, ఆషాఢం సేల్‌లోనే రావాలి. పండగ వారంలో చీర కట్టు, కుచ్చిళ్లు చూపిస్తే చాలు.

నిరుటి తేదీలను మాత్రం కాపీ చేయకండి. 2025లో ఆషాఢం జూన్ 26న మొదలైంది. 2026లో అధిక జ్యేష్ఠం రావడంతో అది జులై మధ్యకి జరిగింది. ఇంగ్లీషు క్యాలెండర్‌ని నమ్ముకుంటే సేల్ వీడియోలు మూడు వారాల ముందే పడిపోతాయి.

మార్చిలో ఇంటర్, పదో తరగతి పరీక్షల టెన్షన్‌లో తల్లులు షాపింగ్ పెట్టుకోరు. అప్పుడు పోస్టులు తగ్గించి, వేసవి పెళ్లిళ్ల వీడియోలు షూట్ చేసుకోండి.