మొత్తం ధర కాదు, వజ్రాల క్యారెట్ రేటు చూడండి

ప్రశ్న: మా అమ్మాయి పెళ్లికి ఏడు రవ్వల దుద్దులు కొనాలి. ఒకే డిజైన్‌కు ఒక దుకాణంలో రూ.2.50 లక్షలు, మరో చోట రూ.2.90 లక్షలు అన్నారు, పన్ను అదనం. రెండు అంచనా చీటీలూ జతచేశాను. మాకున్న రూ.1.50 లక్షల డిపాజిట్ తీసి, మిగతాది పర్సనల్ లోన్ పెట్టి తక్కువ ధరవి తీసుకోవచ్చా? నెల ఖర్చు రూ.40 వేలు. వేరే పొదుపు లేదు.

జవాబు: తక్కువ ధరవి అంటున్నారు కానీ, మీరు పంపిన చీటీల్లో వజ్రాలకు ఎక్కువ అడిగింది మొదటి దుకాణమే. చాలామంది పొరబడేది ఇక్కడే.

మొదటి చీటీలో బంగారం 8 గ్రాములు, గ్రాము రూ.9,000 చొప్పున రూ.72,000. మజూరీ రూ.18,000. మిగిలిన రూ.1.60 లక్షలు వజ్రాలవి. వాటి బరువు 1.28 క్యారెట్లు, అంటే క్యారెట్ రూ.1.25 లక్షలు. రెండో చీటీలో బంగారం 12 గ్రాములు, రూ.1.08 లక్షలు. మజూరీ రూ.35,000. వజ్రాలు 1.40 క్యారెట్లు, రూ.1.47 లక్షలు. క్యారెట్ రూ.1.05 లక్షలే. అక్కడ మొత్తం పెరిగింది బంగారం, మజూరీల వల్ల. ఆ మజూరీ ఎక్కువే, బేరమాడవలసింది దాని మీద.

ఇక నాణ్యత. మొదటి దుకాణం రాసింది ఐ-జె రంగు, ఎస్‌ఐ స్వచ్ఛత. రెండోది ఇ-ఎఫ్, వీవీఎస్. రంగు డి నుంచి జెడ్ వైపు వెళ్లేకొద్దీ పసుపు ఛాయ పెరుగుతుంది. స్వచ్ఛత అంటే రాయి లోపలి మచ్చలు ఎంత తక్కువ అన్నది; అందులో వీవీఎస్ తర్వాత వీఎస్, దాని తర్వాత ఎస్‌ఐ. అంటే మొదటి చోట నాసి రాళ్లకు క్యారెట్‌కు రూ.20,000 ఎక్కువ అడుగుతున్నారు. అలాగని మీకు వీవీఎస్ అవసరం లేదు. పది సెంట్ల రవ్వలో, అంటే క్యారెట్‌లో పదో వంతు రాయిలో, వీవీఎస్‌కూ వీఎస్‌కూ తేడా మామూలు కంటికి కనబడదు. జి-హెచ్, వీఎస్ చాలు.

మెరుపు నిర్ణయించేది కట్. చిన్న రాళ్ల సర్టిఫికెట్‌లో దాని గ్రేడ్ సాధారణంగా ఉండదు కాబట్టి మీరే చూసుకోవాలి. చక్కగా కోసిన పది సెంట్ల గుండ్రటి రవ్వ అడ్డం సుమారు 3 మిల్లీమీటర్లు ఉంటుంది. అంతకంటే బాగా చిన్నగా కనిపిస్తే బరువంతా అడుగున దాచి కోసినట్టే. బరువుకు డబ్బు కడతారు, వెలుగు మాత్రం అడుగు నుంచి జారిపోతుంది. దుకాణంలోని దీపాల కింద కాకుండా గుమ్మం దగ్గర పగటి వెలుతురులో చూడండి. వెనుక బంగారం మూసిన బిగింపు అయితే రంగు తెలియదు, వెనుక తెరిచి ఉన్నది అడగండి.

సర్టిఫికెట్ అంటే దుకాణం సొంతంగా అచ్చువేసిన కార్డు కాదు. మొదటి చోట మీకిచ్చింది అదే. ఐజీఐ వంటి ప్రయోగశాల ఇచ్చిన పత్రం కావాలి. దాని నంబరును ఆ సంస్థ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. నగలో బిగించిన రాళ్లకు సాధారణంగా అన్నింటికీ కలిపి ఒకే పత్రం ఉంటుంది. అవి సహజ వజ్రాలా, ల్యాబ్‌లో పెంచినవా అన్నది అందులో స్పష్టంగా ఉండాలి. హాల్‌మార్క్ బంగారం స్వచ్ఛతకే, వజ్రాల గురించి అది ఏమీ చెప్పదు.

ఇప్పుడు అసలు సంగతి. మీ ఇంటికి ఆరు నెలల ఖర్చంటే రూ.2.40 లక్షలు. ఉన్నది రూ.1.50 లక్షలు. అత్యవసర నిధికే రూ.90,000 తక్కువగా ఉంటే, ఉన్నది కూడా తీసి దుద్దుల్లో పెడతానంటున్నారు! పెళ్లి ఖర్చులు నెత్తిన ఉన్న నెలల్లో ఎవరైనా ఆసుపత్రి పాలైతే ఏం చేస్తారు? నగ కుదువ పెడదామనుకోవచ్చు. బంగారు రుణంలో వజ్రాలకు విలువ కట్టరు, నికర బంగారానికే. మొదటి జత మీద రూ.72,000 విలువైన బంగారం ఉంది, రుణం అందులోనూ కొంత భాగమే. అమ్మబోతే మజూరీ, 3 శాతం జీఎస్‌టీ తిరిగి రావు.

పన్నుతో మొదటి జత దాదాపు రూ.2.58 లక్షలు. లోటు పూడ్చడానికి రూ.1.10 లక్షలు 14 శాతానికి మూడేళ్లు తీసుకుంటే వడ్డీయే సుమారు రూ.25,000. రెండో దుకాణం కంటే రూ.40 వేలు మిగిలిందని మురిసిపోతే అందులో సగానికి పైగా బ్యాంకుకే పోతుంది. నగ కోసం పర్సనల్ లోన్ వద్దు. ఇందులో రెండో మాట లేదు.

డిపాజిట్ కదిలించకండి. పెళ్లికి వ్యవధి ఉంటే నెలనెలా విడిగా పోగేసి, చేతిలో పడిన మేరకే కొనండి. అదే డిజైన్‌ను ఐదు సెంట్ల రవ్వలతో చేయిస్తే రెండు చెవులకూ కలిపి పద్నాలుగు రవ్వలు 0.70 క్యారెట్టే అవుతాయి, బంగారమూ తగ్గుతుంది. ల్యాబ్ వజ్రాలు ఇంకా చౌకే, తిరిగి అమ్మితే దాదాపు ఏమీ రాదనుకుని తీసుకోవాలి. ఏ దుకాణమైనా వజ్రాల బరువు, క్యారెట్ రేటు, రంగు, స్వచ్ఛత, నికర బంగారం, మజూరీ విడివిడిగా బిల్లులో రాయనంటే అడ్వాన్సు ఇవ్వకండి.