నొప్పి మాత్ర మానేయడంతోనే మొదలైంది

ప్రశ్న: సిజేరియన్ అయి ఐదు రోజులైంది. నొప్పి మాత్రలు పాలలోకి వెళ్తాయని భయపడి మానేశాను. మంచం మీద నుంచి లేవలేకపోతున్నాను. పాలిస్తుంటే బాబు బరువు కుట్ల మీద పడుతోంది. పాలు కూడా చాలడం లేదేమో అనిపిస్తోంది. ఏం చేయాలి?

జవాబు: ముందు మాత్రలు మళ్లీ మొదలుపెట్టండి. పారాసెటమాల్, ఐబూప్రొఫెన్ పాలలోకి చేరేది చాలా స్వల్పం, బాబుకు హాని ఉండదు. సాధారణంగా పారాసెటమాల్ 500 మి.గ్రా. మాత్రలు రెండేసి చొప్పున 6 గంటలకోసారి, ఐబూప్రొఫెన్ 400 మి.గ్రా. తిన్న తర్వాత 8 గంటలకోసారి ఇస్తాం. మీ బరువు 50 కిలోల లోపు ఉన్నా, కాలేయ సమస్య ఉన్నా పారాసెటమాల్ మోతాదు తగ్గించాలి. అల్సర్, కిడ్నీ జబ్బు, ఆస్తమా, బీపీ ఉంటే ఐబూప్రొఫెన్ వేసుకునే ముందు మీ డాక్టరును అడగాలి. నొప్పి వచ్చాక వేసుకుందామని ఆగకండి, గడియారం చూసి వేసుకోండి. ముదిరిన నొప్పి ఒక మాత్రకు లొంగదు. ట్రమడాల్, కోడీన్ మాత్రం సొంతంగా వాడకండి. అవి పాల ద్వారా చేరితే బిడ్డ మగతగా పడుకుంటుంది, శ్వాస మందగించవచ్చు.

మాత్ర వేసుకున్న గంటకు లేవండి. వెల్లకిలా పడుకున్నచోటు నుంచి నేరుగా లేస్తే భారమంతా పొట్ట కండరాల మీద పడుతుంది. మోకాళ్లు మడిచి, భుజం, నడుము కలిపి ఒక పక్కకు తిరగండి. కాళ్లు మంచం కిందికి జార్చండి. అదే సమయంలో కింది మోచేతితో, పై అరచేతితో మంచాన్ని నొక్కి లేచి కూర్చోండి. ఒక నిమిషం ఆగి, తల తిరగకపోతే నిలబడండి. దగ్గు వస్తే దిండును కుట్ల మీద అదిమి పట్టుకోండి. రోజుకు నాలుగైదు సార్లు ఐదేసి నిమిషాలు నడవండి. కాన్పు తర్వాత కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువ, నడక దాన్ని తగ్గిస్తుంది.

పాలిచ్చేటప్పుడు బాబును ఒడిలో కాకుండా మీ పక్కన దిండు మీద ఉంచండి. కాళ్లు మీ చంక కింద నుంచి వెనక్కి ఉండాలి, మెడను మీ అరచేయి మోయాలి. కుట్లను ఏదీ తాకదు. నోరు బాగా తెరిచే వరకు ఆగి, బాబునే రొమ్ము దగ్గరకు తీసుకురండి. మీరు వంగకండి. గడ్డం రొమ్ముకు ఆని, చనుమొన చుట్టూ ఉన్న నల్లటి భాగంలో ఎక్కువ నోట్లో ఉంటే పట్టు సరైనదే. రాత్రి పక్కకు తిరిగి పడుకునీ ఇవ్వవచ్చు, కానీ మీకు నిద్ర ముంచుకొస్తుంటే బాబును అతని పడకలో పడుకోబెట్టండి.

సిజేరియన్ తర్వాత పాలు పడటం ఒకటి రెండు రోజులు ఆలస్యం కావచ్చు. చాలుతున్నాయో లేదో రొమ్ము బరువును బట్టి కాదు, తడిసిన గుడ్డలను బట్టి లెక్కించండి. ఐదో రోజు నుంచి 24 గంటల్లో కనీసం ఆరు తడవాలి, విరేచనం పసుపు రంగుకు మారాలి. 8 నుంచి 12 సార్లు పాలు పట్టాలి. తడి తగ్గినా, పాలకు లేపినా లేవకపోయినా అదే రోజు బాబును డాక్టరుకు చూపించి బరువు తూయించండి.

కుట్ల నొప్పి రోజురోజుకూ తగ్గాలి. తగ్గినట్టే తగ్గి మళ్లీ పెరిగినా, 100.4 డిగ్రీల జ్వరం వచ్చినా, కుట్ల నుంచి చీము కారినా, ఒక పిక్క వాచి నొప్పెట్టినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. గంటలోపే ప్యాడ్ పూర్తిగా తడిసినా, ఆయాసం వచ్చినా, చూపు మసకబారి తలనొప్పి తీవ్రంగా ఉన్నా ఒక్క గంట కూడా ఆగకూడదు.