నెయ్యి డబ్బా మీద ఆ 3 గ్రాములు

"అన్నా, మేము తెచ్చే నెయ్యి డబ్బా వెనక 100 గ్రాములకు ట్రాన్స్ ఫ్యాట్ 3 గ్రాములు అని ఉంది. వనస్పతి ప్యాకెట్ చూస్తే 1 గ్రామే ఉంది. అంటే నెయ్యే ఎక్కువ డేంజరా? మా నాయనకు కొలెస్ట్రాల్ ఉంది, ఇంట్లో అందరికీ టెన్షన్ పట్టుకుంది."

ఆ అంకె చూసి నెయ్యి మానిపించొద్దు తమ్ముడూ. మానాలంటే వేరే కారణం ఉంది, అది చివర్లో చెప్తా. ముందు నా తప్పు చెప్తా, ఎందుకంటే సరిగ్గా ఈ లెక్కలోనే నేను బోల్తా పడినా.

2014లో అనంతపురంలో ఉద్యోగం చేస్తున్నప్పుడు రక్తపరీక్షలో చెడ్డ కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ 162 వచ్చింది, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ 33. డాక్టర్ "కొవ్వు తగ్గించు" అన్నాడు, నేను ఇంటికొచ్చి నెయ్యి బంద్ చేసినా. సంగటిలో నెయ్యి లేదు, ఉగాదికి ఓళిగ కూడా ఉత్తదే తిన్నా, మా అవ్వ వారం రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. ఆరు నెలల తర్వాత మళ్ళీ చూపిస్తే ఎల్‌డీఎల్ 165, హెచ్‌డీఎల్ 32. అంతా వృథా. కారణం మా ఆఫీసు కిందే ఉంది, ఒక బేకరీ. రోజూ సాయంత్రం టీతో రెండు ఎగ్ పఫ్‌లు తినేవాణ్ని. పేపర్ ముక్కలో పెట్టిస్తే టీ తాగేలోపు కాగితం అద్దంలా మారేది, తిన్నాక అంగిలికి మైనం అంటుకున్నట్టు ఉండేది, వేడి టీ పోస్తే గానీ వదిలేది కాదు. ఒంటి వేడికి కూడా కరగని గట్టి కొవ్వు చేసే పని అది. ఒకరోజు లోపలికి తొంగి చూస్తే 15 కిలోల వనస్పతి డబ్బా, పిల్లోడు చేత్తో ముద్దలు తీసి మైదా మడతల మధ్య పూస్తున్నాడు.

ఇప్పుడు లెక్క చూడు. నేను మానేసిన నెయ్యి రోజుకి రెండు చెంచాలు, అంటే సుమారు 10 గ్రాములు. మీ డబ్బా మీద ఉన్నట్టు నూటికి 3 అనుకుంటే 0.3 గ్రాముల ట్రాన్స్. పఫ్‌కి 15 గ్రాముల కొవ్వు వేసుకో, అప్పట్లో వనస్పతిలో నూటికి 10 వరకు ట్రాన్స్ ఉండొచ్చని మన చట్టమే ఒప్పుకునేది, ఆ హద్దు దాకా ఉందనుకుంటే ఒక్కో పఫ్‌లో 1.5, రెండింటికి 3 గ్రాములు. 0.3 వదిలేసి 3 తింటూ కూర్చున్నా. రోజుకి 2000 కేలరీలు తినే మనిషికి 2.2 గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది, నేను టీ టైమ్‌లోనే దాటేసేవాణ్ని.

మరి రెండు ట్రాన్స్‌లూ ఒకటేనా అంటే, పుట్టుక వేరు. ఆవు, ఎనుము మేసిన గడ్డిలో కొవ్వు ఆమ్లాలు ఉంటాయి. వాటి మొదటి పొట్టలో, అదే నెమరువేసే ముందు మేత నానే సంచిలో, ఉండే బ్యాక్టీరియా ఆ ఆమ్లాలకు హైడ్రోజన్ తగిలిస్తుంది. పని పూర్తి కాకముందే కొంత జారిపోయి పాలలోకి వస్తుంది. అందులో ఎక్కువ భాగం వ్యాక్సినిక్ ఆమ్లం. (లాటిన్‌లో వాకా అంటే ఆవు. వ్యాక్సిన్ అనే మాటకీ అదే మూలం, సూదికీ నెయ్యికీ వేరే సంబంధం ఏమీ లేదు.) దీంట్లో కొంత భాగాన్ని మన ఒళ్ళు సీఎల్ఏ అనే వేరే కొవ్వుగా మార్చుకుంటుంది. ఫ్యాక్టరీలో కూడా నూనెకు హైడ్రోజనే ఎక్కిస్తారు, కాకపోతే నికెల్ పొడి సాయంతో, బాగా వేడి చేసి. ఒకప్పుడు దేశంలో వనస్పతికి మన శెనక్కాయ నూనే పెద్ద ముడిసరుకు. సగంలో ఆపితే వెన్నలా మెత్తగా వస్తుంది, కానీ ఎలైడిక్ ఆమ్లంతో పాటు రకరకాల ట్రాన్స్‌లు కలగాపులగంగా తయారవుతాయి, కొన్నిసార్లు మొత్తం కొవ్వులో మూడో వంతు దాటి. పాలకొవ్వులో మామూలుగా నూటికి 2 నుంచి 5, అంతే. హైడ్రోజన్ పూర్తిగా ఎక్కిస్తే ట్రాన్స్ దాదాపు మిగలదు, గట్టి శాచురేటెడ్ కొవ్వు వస్తుంది. ఇది గుర్తుపెట్టుకో, కింద పనికొస్తుంది.

ఫ్యాక్టరీ ట్రాన్స్ ఎల్‌డీఎల్‌ను పెంచి హెచ్‌డీఎల్‌ను దించుతుందని 1990లోనే నెదర్లాండ్స్ వాళ్ళు మనుషులకు తినిపించి చూపించారు. 2015లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో పాత పరిశీలనలన్నీ కలిపి చూసినప్పుడు ఫ్యాక్టరీ ట్రాన్స్ ఎక్కువ తిన్నవాళ్ళలో గుండెజబ్బు ఎక్కువగా కనిపించింది, పాల ట్రాన్స్‌తో అలా కనిపించలేదు.

అయితే దీన్ని పట్టుకుని "సహజం కాబట్టి మంచిది" అనేవాళ్ళ మాట నమ్మొద్దు. 2008లో కెనడాలోని క్యూబెక్‌లో 38 మంది ఆరోగ్యంగా ఉన్న మగవాళ్ళకు నాలుగు వారాల చొప్పున రకరకాల ఆహారం పెట్టారు. ప్రత్యేకంగా తయారుచేసిన వెన్నతో పాల ట్రాన్స్‌నే రోజుకి 10 గ్రాముల దాకా తినిపిస్తే అది కూడా ఎల్‌డీఎల్‌ను పెంచింది, హెచ్‌డీఎల్ కూడా కొంచెం దిగింది. 4 గ్రాముల దగ్గర మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మీ డబ్బాలోని నెయ్యితో 10 గ్రాములు చేరాలంటే రోజుకి మూడోవంతు కిలో తాగాలి, పెళ్ళి వంటలో కూడా ఎవరూ తినరు. అంటే నా లెక్కలో పాల ట్రాన్స్‌ను కాపాడుతున్నది దాని మంచితనం కంటే ఎక్కువగా దాని తక్కువతనం.

ఇక మీ ప్యాకెట్ మీద 1 గ్రామే ఎందుకుందంటే, మన దగ్గర హద్దు 10 నుంచి 5కి, 2021లో 3కి, 2022 జనవరి నుంచి 2కి దిగింది. కంపెనీలు సగం హైడ్రోజన్ ఎక్కించడం మాని పామాయిల్‌లోని గట్టి భాగం, పూర్తిగా హైడ్రోజన్ ఎక్కించిన కొవ్వు వాడుకుంటున్నాయి. ట్రాన్స్ పోయింది, శాచురేటెడ్ కూర్చుంది. ఆ 1ని చూసి డాల్డా బాగుపడిందని పఫ్‌లు తెప్పించకండి. లూజుగా అమ్మే సరుకు మీద, లేబుల్ చింపేసిన డబ్బా మీద ఈ అంకె కూడా ఉండదు.

మీ నాయన సంగతికొస్తే, నెయ్యిలో చూడాల్సింది ఆ 3 కాదు, దాని పైన శాచురేటెడ్ ఫ్యాట్ అని 60 చిల్లర రాసి ఉంటుంది చూడు, అది కూడా ఎల్‌డీఎల్‌ను పెంచేదే, కాబట్టి ఎల్‌డీఎల్ ఎక్కువున్న మనిషికి అది లెక్క. మా ఇంట్లో పద్ధతి రోజుకి ఒక చెంచా, అదీ సంగటి మీదే, పోపుకు శెనక్కాయ నూనె. నేను పఫ్‌లు ఆపి ఈ చెంచా మళ్ళీ మొదలెట్టిన నాలుగు నెలలకు ఎల్‌డీఎల్ 138, హెచ్‌డీఎల్ 37. ఆ మధ్యలో ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో నడక కూడా మొదలెట్టినా, మైదా కూడా తగ్గింది, కాబట్టి మొత్తం పుణ్యం ట్రాన్స్‌కే కట్టబెట్టలేను. మాత్రలు వాడుతుంటే ఇవన్నీ చదివి ఆపొద్దని ఆయనకు గట్టిగా చెప్పు.