సంక్రాంతికి నెల్లూరు వెళ్ళి ఫోన్‌తో స్టాక్ వీడియోలు తీయాలనుకునేవారికి

సంక్రాంతి సెలవులకు అమెరికా నుండి నెల్లూరు, ఒంగోలు వైపు వెళ్ళబోయే పిల్లలు ప్రతి సంవత్సరం ఒకే సందేహం అడుగుతుంటారు. ఊళ్ళో కనిపించే మామూలు దృశ్యాలను ఫోన్‌తో చిన్న చిన్న ముక్కలుగా తీసి, అడోబ్ స్టాక్, షట్టర్‌స్టాక్, పాండ్5 వంటి వీడియోలు అమ్మే వెబ్‌సైట్లలో అమ్ముకోవచ్చునా అని. అమ్ముకోవచ్చును. అయితే అక్కడ దృశ్యం అందంగా ఉందా లేదా అన్నదానితోపాటు, అందులో కనిపించే మనిషి, స్థలం, బొమ్మ ఎవరివి, వారి సంతకం మన దగ్గర ఉన్నదా అన్నది కూడా చూస్తారు. ఈ సంగతి తెలియక నేను మొదటి ప్రయాణంలో తీసినవాటిలో చాలా భాగం తిరస్కరణకు గురయ్యాయి. అందుకే ఆ అనుభవం ఆధారంగానే చెబుతాను.

ముందుగా వీసా విషయం. అమెరికాలో ఎఫ్‌-1 మీద చదువుకునేవారికి అనుమతి లేని పని చేసే హక్కు లేదు. హెచ్‌-1బీ వారు తమకు స్పాన్సర్ చేసిన సంస్థకే పని చేయాలి. వీడియో తీసి, సవరించి, అమ్మకానికి పెట్టడం కూడా శ్రమే కాబట్టి, అది రాయల్టీ పేరుతో వచ్చినంత మాత్రాన నిశ్చింతగా ఉండకూడదు. ఖాతా తెరవకముందే విద్యార్థులు కళాశాలలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్ని, ఉద్యోగులు ఇమ్మిగ్రేషన్ న్యాయవాదిని అడగవలసిందే. అనుమతి లేదని తేలితే, ఊళ్ళో ఉన్న తమ్ముడో మరదలో తమ పేరున ఖాతా తెరిచి, తామే తీసి, ఆ డబ్బు తమ బ్యాంకులోనే వేసుకోవడం సక్రమమైన పద్ధతి. వారి పేరు పెట్టి మీరు చేయడం సక్రమం కాదు. గ్రీన్‌కార్డు ఉన్నవారు నెల్లూరులో తీసినా, వచ్చిన సొమ్మును అమెరికా పన్ను లెక్కలో చూపించాలి.

ఇక దృశ్యం ఎంపిక. పెన్నా మీద సూర్యాస్తమయాలు, మైపాడు అలలు అందరూ తీస్తారు. ప్రకటనలు, పాఠాలు, వార్తా కథనాలు తయారుచేసేవారికి కావలసింది ఒక పని జరుగుతున్న తీరు. మన కోస్తా మండలాలలో అటువంటి పని కళ్ళ ఎదుటే ఉంది: రొయ్యల గుంటలు. మా మేనమామ గుంటలు సముద్రపు ఒడ్డుకు దగ్గరలో ఉన్నాయి. ఏరియేటర్ చక్రాలు నీటిని చిమ్మడం, చెక్ ట్రే పైకి లాగి రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూడడం, తెప్ప మీద నుండి మేత చల్లడం అనే మూడు పనులనే నేను ఎంచుకున్నాను. అవి మనకు నిత్యకృత్యాలు. చేపల పెంపకం గురించి వీడియో చేసే ఎక్కడి సంపాదకునికైనా అవి అవసరమైన ముక్కలు.

మొదటిసారి జరిగిన పొరపాట్లు ఇవి. మేత బస్తా మీది కంపెనీ పేరు తెర మీద స్పష్టంగా కనిపించింది. తెప్ప మీది అబ్బాయి చొక్కాకు ఒక ప్రసిద్ధ బ్రాండు గుర్తు ఉంది. అతని ముఖం పూర్తిగా కనబడుతుండగా, సంతకం చేసిన పత్రం నా దగ్గర లేదు. మేత నిలువ చేసే షెడ్డులో ట్యూబులైటు కింద తీసిన ముక్కలలో గోడ మీద నల్లని చారలు కదులుతూ కనిపించాయి. నేను టెక్సాస్ చేరిన తరువాత ఆ అబ్బాయి వేరే ఊరి గుంటలకు వెళ్ళిపోయాడు. సంతకం తెప్పించుకునే దారి లేకపోయింది.

అందువల్ల రెండవసారి కెమెరా తీయకముందే పత్రాలు సిద్ధం చేసుకున్నాను. మనిషి అనుమతి పత్రాన్ని మోడల్ రిలీజ్ అంటారు. ఆయా సంస్థలే నమూనాను ఇస్తాయి. ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క పత్రం. అందులో అతని పేరు, పుట్టిన తేదీ, చిరునామా, సంతకం, తీసినవారి సంతకం, సాక్షి సంతకం ఉంటాయి. సాక్షిగా తీసినవారే ఉండకూడదు. మా అత్తయ్య సాక్షిగా నిలబడింది. పద్దెనిమిదేళ్ళు నిండనివారైతే తల్లిగాని తండ్రిగాని సంతకం చేయాలి. అదే రోజు, అదే దుస్తులలో ఆ మనిషి ముఖాన్ని ఒక ఫోటో తీసి పత్రంతో ఉంచుకుంటే, ఏ పత్రం ఏ వీడియోది అన్న గందరగోళం ఉండదు.

పత్రం ఇంగ్లీషులో ఉంటుంది కనుక, సంతకానికి ముందు తెలుగులో విడమరచి చెప్పడం మన బాధ్యత. ఈసారి తెప్ప మీద ఉన్న మరొక అబ్బాయికి నేను ఇలా చెప్పాను: "నాయనా, ఈ వీడియోను ఎవరైనా డబ్బిచ్చి కొనుక్కోవచ్చు. నువ్వు ఎన్నడూ వినని సరుకు ప్రకటనలో నీ ముఖం కనబడవచ్చు. ఒకసారి అమ్ముడయ్యాక వెనక్కు తీసుకోవడం కుదరదు. ఇష్టం లేకపోతే నీ చేతులు మాత్రమే తీస్తాను." అతడు ఆలోచించి ముఖం వద్దన్నాడు. ఆ రోజు కూలి నేనే ఇచ్చి, చెక్ ట్రే లాగే చేతులను, ట్రేలో ఎగిరే రొయ్యలను మాత్రమే తీశాను. ముఖం లేని ఆ ముక్క నాకు పాత ముక్కలకంటె మెరుగ్గా తోచింది. అవతలివారు కాదనగలిగిన చోట అడిగితేనే అది అనుమతి అవుతుంది; యజమాని బంధువు అడిగితే పనివాడు కాదనడం కష్టం, కాబట్టి మామయ్యను పక్కన నిలబెట్టకుండా విడిగా అడిగాను.

స్థలానికి ప్రాపర్టీ రిలీజ్ అనే మరొక పత్రం ఉంది. గుర్తు పట్టడానికి వీలులేని నీళ్ళు, గట్టు, ఆకాశం ఉన్న దృశ్యానికి సాధారణంగా అది అవసరం రాదు. గేటు, పేరు బోర్డు, ఇంటి లోపలి భాగం కనిపిస్తే మాత్రం అవసరం. మన ప్రాంతంలో చాలా గుంటలు లీజుకు తీసుకున్నవి కాబట్టి, సాగు చేసేవారిని, భూమి సొంతదారును ఇద్దరినీ అడిగి సంతకం పెట్టించుకోవడం మేలు. గోడ మీది చిత్రం, సినిమా పోస్టరు, టీవీ తెర మరొకరి సృష్టి. వాటిని చట్రంలోకి రానీయకండి. రేడియో పాట వెనుక వినిపిస్తే శబ్దాన్ని పూర్తిగా తీసివేయండి. కృష్ణపట్నం ఓడరేవు వంటి భద్రత గల చోట్లకు అనుమతి లేకుండా కెమెరాతో వెళ్ళవద్దు.

తీసే పద్ధతిలో నేను నొక్కి చెప్పేది రెండే విషయాలు: కదలకపోవడం, దీపాల చారలు రాకపోవడం. ఏరియేటర్లు సాధారణంగా రాత్రి, తెల్లవారుజామున తిరుగుతాయి, ఎందుకంటే ఆ వేళకే నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. చీకట్లో తీస్తే ఫోన్ చిత్రం గరుకుగా వస్తుంది. కాబట్టి సూర్యుడు పైకి వచ్చి, చక్రాలు ఇంకా ఆపకముందున్న కొద్ది సమయంలోనే తీయాలి. ఆ సమయం ఎప్పుడో గుంట కాపలాదారును ముందు రోజే అడగండి. ట్రైపాడ్‌ను చెక్క నడవ మీద పెట్టకండి. ఎవరు అడుగు వేసినా అది ఊగుతుంది. గట్టి గట్టు మీద పెట్టి, సముద్రపు గాలికి కదలకుండా మధ్యకొక్కేనికి బరువైన సంచీ తగిలించండి. జూమ్ చేయకుండా, ప్రధాన లెన్సుతో దగ్గరకు వెళ్ళండి. నీటి గీత కొద్దిగా వంగినా చూసేవారికి వెంటనే తెలుస్తుంది, కాబట్టి తెర మీద గళ్ళు కనిపించే ఏర్పాటు చేసుకోండి. ఫోకస్, వెలుగు మారకుండా ఉండడానికి తెర మీద వేలు కాసేపు నొక్కిపట్టి లాక్ చేయాలి. ఆ తరువాత ఒకే చట్రాన్ని ఇరవై సెకన్లపాటు కదపకుండా వదిలేయండి. బటన్ నొక్కినప్పుడు మొదటా చివరా వచ్చే అదురు కత్తిరిస్తే పది, పదిహేను సెకన్ల శుభ్రమైన ముక్క మిగులుతుంది; చాలా చోట్ల ఐదు నుండి అరవై సెకన్ల వరకు అంగీకరిస్తారు.

చారల సంగతి విదేశాలనుండి వెళ్ళేవారికి ప్రత్యేకం. అమెరికా విద్యుత్తు సెకనుకు 60 ఆవృత్తులు, మన దేశంలో 50. అందువల్ల మన ఇళ్ళలో దీపాలు సెకనుకు వందసార్లు మినుకుమంటాయి, కంటికి తెలియదు. అమెరికాలో కొన్న ఫోన్ సెకనుకు 30 చట్రాలు తీస్తుంటే ఆ మినుకులతో జత కుదరక గోడ మీద చారలు నడుస్తాయి. ఐఫోన్‌లో ఇందుకు మార్గం ఇది:

```
Settings > Camera > Record Video
Show PAL Formats : On
HDR Video        : Off
4K at 25 fps
```

చేతితో అమర్చుకునే ప్రో వీడియో పద్ధతి ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్లలో షట్టర్‌ను 1/50 లేదా 1/100 వద్ద ఉంచండి. తీసిన వెంటనే తెల్లని గోడ ఉన్న చోటును పెద్దది చేసి చూస్తే చారలు తెలిసిపోతాయి. సందేహంగా ఉంటే దీపాలు ఆర్పి, కిటికీ వెలుగులో తీయడమే మంచిది.

మరొక జాగ్రత్త. ఊళ్ళో తమ్ముడు తీసి వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే అది బాగా కుదించబడి, అమ్మకానికి పనికిరాదు. డ్రైవ్‌లో మూల ఫైలును పెట్టమని, లేదా వాట్సాప్‌లోనే డాక్యుమెంట్‌గా పంపమని చెప్పండి. అనుమతి పత్రాల ఫోటోలూ అదే సంచయంలో ఉంచితే, అమ్మకానికి పెట్టేటప్పుడు ప్రతి ముక్కకు దాని పత్రాన్ని జత చేయడం సులువవుతుంది. వివరణ ఇంగ్లీషులో రాయాలి. "Shrimp" అని మాత్రమే కాక, "worker lifting feed check tray at shrimp farm, Andhra Pradesh, India" అని జరుగుతున్న పనినే రాయండి, ఎందుకంటే కొనేవారు ఆ మాటలతోనే వెదుకుతారు.

చాలామంది నెల్లూరు రొట్టెల పండుగ గురించి అడుగుతారు. బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో రొట్టెలు మార్చుకునే వేలమంది ముఖాలకు పత్రాలు తీసుకోవడం అసాధ్యం. అటువంటివి వార్తలకు, కథనాలకు పరిమితమైన ఎడిటోరియల్ తరగతిలోనే పెట్టాలి. ప్రకటనకు వాడే తరగతిలో పెట్టకూడదు. వివరణలో ఊరు, దేశం, తేదీ, అక్కడ నిజంగా జరిగినది ఉన్నది ఉన్నట్లు రాయాలి. అన్ని సంస్థలు ఈ తరగతి వీడియోలను తీసుకోవు కాబట్టి, నియమాలు చదివిన తరువాతే పంపండి. నీళ్ళలో దిగి మొక్కు చెల్లించుకునే స్త్రీల దగ్గరి చిత్రాలను మాత్రం, నియమం అనుమతించినా, నేను తీయను. చెరువు గట్టు మీది దూరపు దృశ్యం, చేతులలోని రొట్టెలు చాలు.