ఖర్చు పుస్తకంలో ఇంకో రెండు గళ్లు

ప్రశ్న: ప్రైవేటు స్కూల్లో టీచర్ని, జీతం 24 వేలు. ప్రతి ఖర్చూ రాస్తున్నా 20వ తేదీకల్లా చెయ్యి ఖాళీ. డ్రెస్సులు కొనేసి, తర్వాత బాధపడతాను. ఇంక రాయడం ఎందుకండీ?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: రాయడం ఆపకండి. తేదీ, వస్తువు, రూపాయల పక్కన ఇంకో రెండు గళ్లు గీయండి: ఎన్ని గంటలకు కొన్నారు, దానికి ముందు ఏం జరిగింది.

విజయనగరంలో నా సలహా తీసుకునే ఒక నర్సు ఇలాగే రాసింది. డ్యూటీ దిగి గంటస్తంభం దగ్గర బజారు మీదుగా వస్తాను కదా, అక్కడే డబ్బు పోతోందని ఆమె గట్టి నమ్మకం. నాలుగు వారాల్లో అనుకోకుండా చేసిన ఖర్చు 5,900 తేలింది. బజారులో పోయింది 1,100 మాత్రమే. రాత్రి పది దాటాక ఫోన్లో కొన్నవి ఎనిమిదే, కానీ వాటి ఖరీదు 3,720. ఒక పద్దు ఇలా ఉంది: "శుక్రవారం, రాత్రి 10.40, కుర్తీ 649, అక్క విశాఖలో ఫ్లాట్ చూశామంది." ఆ ఎనిమిదింటిలో ఆరు అక్క ఫోన్ చేసిన రాత్రులవే. ఆ సంగతి ఆమెకు అప్పటిదాకా తట్టనే లేదు.

ఆ గడిలో ఊరికే "టెన్షన్" అని రాస్తే ఏమీ తెలియదు. "హెడ్ మాస్టర్ అందరి ముందు అన్నారు" అని జరిగింది రాయండి. కొన్న పది నిమిషాల్లోపు రాయాలి. ఆదివారం కూర్చుని యూపీఐ హిస్టరీ చూసి నింపితే మొత్తం, టైము దొరుకుతాయి, అప్పటి మనసు దొరకదు. మొదటి నెల ఏదీ మానకండి. మానేస్తే అసలు అలవాటు పుస్తకంలోకి ఎక్కదు.

రెండో నెల ఎక్కువ డబ్బు తీసుకెళ్లిన ఒక్క సందర్భాన్నే పట్టుకోండి. ఆ నర్సు అక్కతో మాట్లాడటం మానలేదు. ఫోన్ పెట్టేశాక దాన్ని హాల్లో ఛార్జింగుకి పెట్టి పడుకునేది. నచ్చింది కార్టులో ఉంచి, మర్నాడు సాయంత్రం టీ తాగాక చూసేది. యాప్‌లో సేవ్ చేసిన కార్డు తీసేసింది, పిన్ అడగని యూపీఐ లైట్ ఆపేసింది. ఎనిమిది కొనుగోళ్లు ఆ నెల ఐదుకు, తర్వాతి నెల మూడుకు తగ్గాయి. మిగిలిన డబ్బు ఖాతాలో ఉంటే మళ్లీ ఏదో ఒకదానికి పోతుందని, నెలకు 1,500 పోస్టాఫీసు ఆర్‌డీ కట్టించాను. మధ్యలో సిరిమాను పండగకి చెయ్యి జారింది. అదీ రాసింది, అది చాలు. పండగ బట్టలకి మాత్రం ముందే వేరుగా డబ్బు పెట్టుకోమన్నాను.

అద్దె, సరుకులు, పిల్లల ఫీజులకే జీతం సరిపోకపోతే సమస్య మనసుది కాదు, ఆదాయానిది. అప్పుడు ఈ పుస్తకం తీర్చదు, వివరాలతో మళ్లీ రాయండి. ఇంట్లో తెలియకుండా అప్పుచేసి కొంటూ ఆపుకోలేకపోతుంటే మాత్రం ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేసి మాట్లాడండమ్మా.