"ఇంకా ఏ కంపెనీలకు వెళ్తున్నారు?" అని రిక్రూటర్ అడిగినప్పుడు

ప్రశ్న: డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. ఒక కంపెనీలో రెండు రౌండ్లు అయ్యాయి, మూడోది వచ్చే బుధవారం. మొన్న ఆ రిక్రూటర్ ఫోన్ చేసి, ఇంకా ఎక్కడెక్కడ ఇంటర్వ్యూలు నడుస్తున్నాయి, ఎంతదాకా వచ్చాయి అని అడిగారు. కంగారులో "ఇంకెక్కడా లేవండీ" అనేశాను. నిజానికి మరో కంపెనీలో ఫైనల్ రౌండ్ అయిపోయింది, ఈ శుక్రవారంలోగా చెబుతామన్నారు. ఇంకోచోట టెస్ట్ రాశాను. ఆఫర్ చేతిలో ఉందని చెప్పేస్తే మన విలువ పెరుగుతుందని ఫ్రెండ్స్ అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ మాట సరిదిద్దుకోండి. శుక్రవారం దాకా ఆగకుండా, వీలైతే ఈరోజే. ఎందుకంటే, శుక్రవారం ఆ రెండో కంపెనీ ఆఫర్ ఇచ్చి నాలుగైదు రోజుల్లో జవాబు చెప్పమందనుకోండి. అప్పుడు మీరు ఈ రిక్రూటర్‌కు ఫోన్ చేసి "నాకు వేరే ఆఫర్ వచ్చింది, తొందరగా తేల్చండి" అనాలి. ఇంకెక్కడా లేవని మీరు చెప్పిన మాట ఆయన దగ్గర రాసే ఉంటుంది. మొన్న దాచారని అనుకుంటారు, లేదా ఇప్పుడు బెదిరిస్తున్నారని అనుకుంటారు. రెండూ మీకు నష్టమే. అదే ఇప్పుడు చెబితే, ఫోన్‌లో తడబడిన అభ్యర్థి తర్వాత వివరంగా రాశారు, అంతే. రిక్రూటర్లకు ఇది కొత్తేమీ కాదు.

మెయిల్ ఇలా ఉంటే చాలు:

"నమస్కారమండీ. మొన్న మీరు వేరే ఇంటర్వ్యూల గురించి అడిగినప్పుడు సరిగా చెప్పలేకపోయాను, క్షమించండి. ఇంకో కంపెనీలో నాకు ఫైనల్ రౌండ్ పూర్తయింది, ఫలితం ఈ శుక్రవారంలోగా చెబుతామన్నారు. మరోచోట టెస్ట్ రాశాను, ఇంకా కబురు లేదు. ఇప్పటివరకు ఆఫర్ ఏదీ రాలేదు. మీ దగ్గర మూడో రౌండ్ బుధవారం ఉంది. వీలుంటే దాన్ని కాస్త ముందుకు జరపగలరేమో చూడగలరా? కుదరకపోయినా బుధవారం తప్పకుండా హాజరవుతాను."

ఇందులో క్షమాపణ ఒక్క వాక్యమే ఉంది, అది చాలు. ఎందుకు తడబడ్డారో వివరించబోతే మెయిల్ అంతా దాని గురించే అయిపోతుంది.

రిక్రూటర్ ఆ ప్రశ్న ఎందుకు అడుగుతారో తెలిస్తే భయం సగం పోతుంది. ముఖ్యంగా ఆయనకు కావలసింది తేదీలు. ఇంటర్వ్యూ చేసేవాళ్ల ఖాళీ చూసుకోవాలి, పై అధికారుల అనుమతి తీసుకోవాలి, ఇంతా చేసి ఆఫర్ ఇచ్చేనాటికి మీరు ఇంకోచోట చేరిపోతే ఆ శ్రమంతా వృథా. అందుకే "ఎంతదాకా వచ్చింది" అన్నదే అసలు ప్రశ్న, కంపెనీ పేరు దాని తర్వాతే. మీకు ఈ ఉద్యోగం మీద నిజంగా ఆసక్తి ఉందా, మీరు వెళ్తున్నవన్నీ ఒకే తరహా పనులేనా అన్నది కూడా చూస్తారు. డేటా అనలిస్ట్ ఉద్యోగానికి వచ్చి మిగతావన్నీ సేల్స్ ఉద్యోగాలని చెబితే, తర్వాతి ప్రశ్న దాని మీదే వస్తుంది. దానికి జవాబు సిద్ధంగా ఉంచుకోండి.

దశలు చెప్పేటప్పుడు ఉన్నదున్నట్టు చెప్పండి. అప్లై చేసి ఊరుకున్నదాన్ని "ఇంటర్వ్యూ నడుస్తోంది" అనకూడదు. టెస్ట్ రాస్తే టెస్ట్ రాశానని, రౌండ్ అయితే ఎన్నో రౌండ్ అయిందని చెప్పండి. చాలామంది తడబడేది చివరి మెట్టు దగ్గర. "మీరు మాకు నచ్చారు, త్వరలో పంపిస్తాం" అని ఫోన్‌లో అంటే అది ఆఫర్ లెటర్ కాదు. "నోటిమాటగా చెప్పారు, లెటర్ ఇంకా రాలేదు" అనండి. నోటిమాట ఇచ్చిన తర్వాత కూడా పోస్టు ఆగిపోవడం, జీతం మారడం జరుగుతుంటాయి. లెటర్ చేతికి వచ్చాకే దాన్ని ఆఫర్‌గా లెక్కపెట్టండి, మీ మనసులో కూడా.

ఇక మీ ఫ్రెండ్స్ చెప్పిన ఉపాయం. లేని ఆఫర్ ఉందంటే రిక్రూటర్ వెంటనే మూడు ప్రశ్నలు అడుగుతారు: ఏ ఉద్యోగం, ఎంత జీతం, ఎప్పటిలోగా జవాబు చెప్పాలి. ఒక్కోచోట లెటర్ కూడా చూపించమంటారు. ఒక అబద్ధానికి మూడు అబద్ధాలు కట్టాలి, వాటిని చివరిదాకా గుర్తుపెట్టుకోవాలి. బయటపడకపోయినా దెబ్బ తగలవచ్చు. మీరు చెప్పిన గడువులోగా వాళ్ల పని తెమలదనుకుంటే, "మంచిది, అక్కడ చేరండి, శుభాకాంక్షలు" అని మీ ఫైలు మూసేస్తారు. అప్పుడు ఆ ఆఫర్ అబద్ధమని చెప్పి వెనక్కి రాలేరు.

నిజం చెప్పడమంటే అన్నీ చెప్పాలని కాదు. దశ, తేదీ చెప్పి పేరు చెప్పకపోవడం అబద్ధం కిందికి రాదు. గట్టిగా అడిగితే, "అదే రంగంలో ఉన్న మధ్యస్థాయి సంస్థ అండీ, ప్రక్రియ నడుస్తోంది కాబట్టి పేరు ఇప్పుడు చెప్పకపోతే బాగుంటుందనుకుంటున్నాను" అనవచ్చు. చాలామంది అక్కడితో ఆగుతారు. పేరు చెప్పడానికి మీకు అభ్యంతరం లేకపోతే చెప్పండి, తప్పేమీ లేదు. అక్కడ అడిగిన ప్రశ్నలు, ఇచ్చిన టెస్టు వివరాలు మాత్రం ఎవరికీ చెప్పవద్దు. కొన్ని కంపెనీలు వాటిని గోప్యంగా ఉంచుతానని సంతకం కూడా తీసుకుంటాయి.

అడిగేది కంపెనీ మనిషా, కన్సల్టెన్సీ మనిషా అన్నది కూడా గమనించండి. కన్సల్టెన్సీకి మీరు వెళ్తున్న కంపెనీ పేరు తెలిస్తే, అక్కడ ఖాళీ ఉందని తెలిసినట్టే. వాళ్లు అదే పోస్టుకు వేరే అభ్యర్థులను పంపవచ్చు. అందుకని ఇంటర్వ్యూలు నడుస్తున్నచోట్ల పేర్లు వాళ్లకు చెప్పనక్కర్లేదు. కానీ వాళ్లు "మీ రెజ్యూమె ఫలానా కంపెనీకి పంపుతాం" అన్నప్పుడు, మీరు అక్కడ ముందే అప్లై చేసి ఉంటే ఆ సంగతి తప్పకుండా చెప్పాలి. ఒకే అభ్యర్థి రెండు దారుల్లో వస్తే కన్సల్టెన్సీ ఫీజు ఎవరికి చెందుతుందన్న తగవు వస్తుంది, ఆ తలనొప్పి ఎందుకని కొన్ని కంపెనీలు అభ్యర్థినే పక్కనపెడతాయి.

"మేమే మీ మొదటి ఎంపికా?" అని కూడా అడగవచ్చు. కాకపోతే అవునని అనకండి. ఆ పనిలో మీకు నిజంగా నచ్చినదేదో ఒకటి చెప్పి, "మూడో రౌండ్‌లో టీమ్‌తో మాట్లాడాక నాకు ఇంకా స్పష్టత వస్తుంది" అనండి.

శుక్రవారం ఆఫర్ వస్తే ముందు ధన్యవాదాలు చెప్పి, జవాబుకు గడువు ఎప్పటిదాకా అని అడగండి. మంగళవారం అంటే, ఆ వారం శుక్రవారం దాకా సమయం ఇవ్వగలరా అని ఒక్కసారి మర్యాదగా అడగండి. వేరేచోట బుధవారం మూడో రౌండ్ ఉందని కారణం చెప్పవచ్చు. అదే రోజు ఈ రిక్రూటర్‌కు రెండు వాక్యాల మెయిల్ పంపండి: ఆఫర్ లెటర్ వచ్చింది, ఫలానా తేదీలోగా జవాబు చెప్పాలి. రౌండ్ ముందుకు జరపలేమని వీళ్లు, గడువు పెంచలేమని వాళ్లు అంటే, మంగళవారం నాడు మీ చేతిలో ఉండేది ఒక్క ఆఫరే. దాన్ని తీసుకుంటే అదే రోజు ఇక్కడికి రాసి బుధవారం రౌండ్ నుంచి తప్పుకోండి, ఆ సమయం ఇంకొకరికి ఇస్తారు. శుక్రవారం కబురేమీ రాకపోతే ఆ సంగతీ దాచనక్కర్లేదు. మళ్లీ అడిగితే "అక్కడి నుంచి ఇంకా కబురు రాలేదండీ" అని చెప్పి బుధవారం రౌండ్‌కు సిద్ధంకండి.