సాల్మొనెల్లా ప్రాక్టికల్‌లో మాస్కు కన్నా పెన్ను గురించే ఎందుకు ఎక్కువ పట్టించుకోవాలి?

ప్రశ్న: “ఈ.కోలై ప్రాక్టికల్‌కి కోటు వేసుకుని చేతులు కడుక్కుంటే చాలన్నారు. సాల్మొనెల్లాకి వచ్చేసరికి గ్లోవ్స్, కళ్ళద్దాలు పెట్టుకోవాలి, ఫోను, నోటుబుక్కు బయటే ఉంచాలి అంటున్నారు. మాస్కు మాత్రం తప్పనిసరి కాదట. బయోసేఫ్టీ లెవెల్ 2, అదే బీఎస్ఎల్-2, అంటే మాస్కు ఉండాలి కదా?”

ఉండాలని లేదు. మీ ల్యాబ్‌లో చెప్పింది సరిగ్గానే ఉంది. నేను చాలాకాలంగా డిగ్రీ విద్యార్థులకు ప్రాక్టికల్స్ చేయిస్తున్నాను. రక్షణ ఏర్పాట్లు చూసేటప్పుడు లెవెల్ నంబరు కన్నా ముందు అడగాల్సింది, ఈ సూక్ష్మజీవి ఒంట్లోకి ఏ దారిన పోతుంది అని. సాల్మొనెల్లా పోయేది నోటి దారిన. అది చేతి నుంచి నోటికి చేరకుండా ఆపడమే అక్కడ అసలు పని.

2011లో అమెరికాలో 38 రాష్ట్రాల్లో 109 మందికి సాల్మొనెల్లా టైఫిమ్యూరియం సోకింది. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ ఆరా తీస్తే, జబ్బుపడినవాళ్ళలో చాలామంది మైక్రోబయాలజీ ల్యాబుల్లో చదువుతున్నవాళ్ళు, పనిచేస్తున్నవాళ్ళు అని తేలింది. వాళ్ళకు సోకిన రకం ల్యాబులకు అమ్మే ఒక స్ట్రెయిన్‌తో సరిపోయింది. నన్ను బాగా కలవరపెట్టిన విషయం ఇంకొకటి ఉంది. వాళ్ళ ఇళ్ళల్లోని చిన్నపిల్లలకు కూడా వచ్చింది. 2014లో, 2017లో మళ్ళీ ఇలాంటివే జరిగాయి. ల్యాబ్‌లో వాడిన కోట్లు, పెన్నులు, నోటుబుక్కులు ఇంటికి తీసుకెళ్ళొద్దని సీడీసీ గట్టిగా చెప్పింది.

స్ట్రీకింగ్, అంటే తీగ లూప్‌తో బ్యాక్టీరియాను ప్లేటు మీద గీయడం, చేస్తున్న విద్యార్థి చేతులను ఒకసారి గమనించండి. లూప్ పట్టుకున్న చేత్తోనే మార్కర్ తీసి ప్లేటు మీద పేరు రాస్తారు, అదే చేత్తో నోటుబుక్కు తిప్పుతారు, పెన్ను పట్టుకుంటారు. గ్లోవ్ ఆ చేతిని కాపాడుతుంది కానీ పెన్నును కాపాడదు. సాయంత్రం ఆ పెన్ను గ్లోవ్ లేని చేతిలోకి, అక్కడి నుంచి పెదాల దగ్గరకు వెళ్తుంది. అందుకే సాల్మొనెల్లా రోజున మేం ఇద్దరిద్దరిని జతచేస్తాం. ఒకరు గ్లోవ్స్‌తో కల్చర్ పని చూస్తారు, రెండోవారు వేరే బల్ల దగ్గర శుభ్రమైన చేతులతో, చూసినవి విని రాసుకుంటారు. కల్చర్ బల్ల మీది మార్కర్లు ల్యాబ్ దాటవు. గ్లోవ్స్ తీశాక కూడా సబ్బుతో చేతులు కడుక్కునే బయటికి రావాలి.

రెండోది, మనం చేసే పని ఆ సూక్ష్మజీవిని ఏం చేస్తుంది అన్నది. రాత్రంతా బ్యాక్టీరియా పెరిగిన పోషక ద్రవంలో, అంటే బ్రాత్‌లో, ఒక్క మిల్లీలీటరులోనే వంద కోట్ల దాకా బ్యాక్టీరియా ఉండొచ్చు. ప్లేటు మీంచి ఒక కాలనీ తీయడం వేరు, ఆ బ్రాత్ ట్యూబును వోర్టెక్స్ యంత్రం మీద వేగంగా తిప్పి వెంటనే మూత తీయడం వేరు. కాలిన లూప్ చల్లారకముందే బ్రాత్‌లో ముంచితే చుయ్‌మని చప్పుడవుతుంది. ఆ చప్పుడు వినిపించిందంటే కంటికి కనపడని తుంపరలు ఎగిరినట్టే. ముక్కులోకి, గొంతులోకి పడినవి మింగేస్తాం కనుక సాల్మొనెల్లాకి ఇదీ ఒక దారే. మామూలు సర్జికల్ మాస్కు అంత సన్నటి తుంపరలను నమ్మకంగా ఆపలేదు, పక్కల ఖాళీల్లోంచి గాలి లోపలికి వస్తుంది. కాబట్టి వోర్టెక్స్ చేసిన ట్యూబును కొన్ని నిమిషాలు కదపకుండా ఉంచి, బయోసేఫ్టీ క్యాబినెట్ లోపల తెరవాలి. కాల్చే తీగ లూప్ బదులు వాడి పారేసే ప్లాస్టిక్ లూపులు వాడితే మంట దగ్గర చిందే గొడవే ఉండదు.

ముఖ్యంగా గాలి దారిన సోకే క్షయ బ్యాక్టీరియా కల్చర్లకు బీఎస్ఎల్-3 సదుపాయాలు కావాలి, అది డిగ్రీ ల్యాబులో అయ్యే పని కాదు. యాసిడ్ ఫాస్ట్ స్టెయినింగ్ నేర్పడానికి మైకోబ్యాక్టీరియం స్మెగ్మాటిస్ సరిపోతుంది, అది బీఎస్ఎల్-1. నా దృష్టిలో అన్ని రక్షణల కన్నా ముందు చేయాల్సింది ఈ మార్పిడే. సాల్మొనెల్లా విషయంలో కూడా, నేర్పాల్సిన పాఠం వీలైతే జబ్బు చేయని స్ట్రెయిన్‌తోనో, బలం తగ్గించిన స్ట్రెయిన్‌తోనో నేర్పాలి.

మీరు చెప్పిన ఈ.కోలైకి కోటు చాలినది అది కె-12 రకం అయ్యుంటేనే. ఓ157:హెచ్7 కూడా ఈ.కోలైయే, కానీ దానికి బీఎస్ఎల్-2 కావాలి. సీసా మీద జాతి పేరుతో ఆగకుండా స్ట్రెయిన్ కూడా చదవండి.

తలుపు పిడి మీంచి స్వాబ్ తీసి ప్లేటు మీద పెంచే ప్రాక్టికల్‌లో ఆ చదవడానికి పేరే ఉండదు. పెరిగింది స్టాఫ్ ఆరియస్ కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. అందుకని పెరిగాక ప్లేటుకు చుట్టూ టేపు వేసి, మూత తీయకుండా కాలనీల రంగు, ఆకారం మాత్రమే చూడనిస్తాం. అందులోంచి ఒక కాలనీ తీసి విడిగా పెంచాలంటే, అది ఏదో తెలిసేదాకా బీఎస్ఎల్-2 పద్ధతిలోనే చేయాలి. చూడటం అయ్యాక ఆ ప్లేట్లను టేపు విప్పకుండానే ఆటోక్లేవ్ సంచిలో వేస్తాం.